నాలుగో వరుస చెప్పిన సాక్ష్యం

(కంప్యూటర్ సైన్స్ ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ముందు తెర మీది ఫొటో చూడండి. పదకొండో తరగతి చదివే ఒక అబ్బాయి రాత్రి పదిన్నరకు నా ఫోనుకు పంపాడు. మంచం మీద వర్క్‌షీట్ పరిచి, ట్యూబ్‌లైటు కింద నిలబడి తీశాడు. కాగితం మీద అతని ఫోను నీడ పడింది. నడిమధ్యన మడత. కింద ఒక్క వాక్యం: "సార్, మూడో ప్రశ్నకు జవాబు చెప్పండి." ఇలాంటివి మీ అందరికీ వస్తూనే ఉంటాయి. ఈ ఒక్క ఫొటో గురించే ఈ రోజు మాట్లాడతాను. ఎందుకంటే దీనికి నేను మొదట తప్పు జవాబు చెప్పాను.

బొమ్మలో ఏముందో చెబుతాను, వెనక వరుసలో వారికి సరిగా కనిపించకపోవచ్చు. ఎడమ పక్కన పైనుంచి కిందికి మూడు ఇన్‌పుట్లు: A, B, C. A, B రెండూ పైనున్న గేటులోకి వెళుతున్నాయి. B నుంచే ఒక కొమ్మ కిందికి దిగి, C తో కలిసి కింది గేటులోకి వెళుతోంది. పై గేటు ఔట్‌పుట్ పేరు P, కింది గేటు ఔట్‌పుట్ పేరు R. ఆ రెండూ కుడి చివరనున్న యాండ్ గేటులోకి వెళితే, బయటికి Q వస్తుంది. బొమ్మ కింద ట్రూత్ టేబుల్. ఎనిమిది వరుసలు. A, B, C గడులు నిండి ఉన్నాయి. P, R గడులు ఖాళీ. Q గడుల్లో రెండింటిని మాత్రం నమూనాగా నింపి ఇచ్చారు: మొదటి వరుసలో 0, నాలుగో వరుసలో 1. పట్టిక పూర్తి చేయడం ఒకటో భాగం, Q కు సమీకరణం రాయడం రెండో భాగం, అదే వలయాన్ని నాండ్ గేట్లతోనే గీయడం మూడో భాగం.

నిద్ర వేళ కదా, నేను బొమ్మ చూసి పై గేటు యాండ్ అనుకున్నాను, కింది గేటు ఆర్ అనుకున్నాను. A·B ను B+C తో యాండ్ చేస్తే చివరికి A·B యే మిగులుతుంది. "ఆఖరి రెండు వరుసల్లో 1, మిగతా అన్నింటిలో 0" అని టైపు చేసి పంపించేశాను. రెండు నిమిషాల తర్వాత బదులు వచ్చింది. "సార్, నాలుగో వరుసలో 1 అని అచ్చులోనే ఉంది కదా?"

ఉంది. నేను ఆ పట్టిక వంక చూడనే లేదు.

అప్పుడు ఫొటోను వేలితో పెద్దది చేసి చూశాను. పై గేటు ముక్కు దగ్గర ఏదో మసక. అది బబులా, మడత నీడా? కింది గేటు వీపు దగ్గర మరో మసక. అది రెండో వంపు గీతా, అచ్చు సిరా అలుక్కుపోయిందా? లాజిక్ గేట్ల బొమ్మల్లో ఉన్న ఇబ్బంది ఇదే. గేటు పెద్ద ఆకారం చెప్పేది సగం సంగతే. యాండ్‌ను నాండ్‌గా మార్చేది ముక్కు మీది చిన్న సున్నా, అంటే బబుల్. ఆర్‌ను ఎక్స్-ఆర్‌గా మార్చేది వీపు వెనక ఒక సన్నని అదనపు వంపు. ఫొటోలో ముందుగా పోయేవి కూడా ఆ రెండే. ఫోనులో పత్రాలను స్కాన్ చేసే పద్ధతి వాడితే ఇంకా అన్యాయం. అక్షరాలు నల్లగా, కాగితం తెల్లగా కనిపించడానికి అది మధ్య రంగులన్నింటినీ తుడిచేస్తుంది. సన్నగీతను మరకగా భావించి తీసేస్తుంది, బబుల్ లోపలి తెలుపును నల్లగా నింపేస్తుంది. ఫొటో ఎంతో శుభ్రంగా కనిపిస్తుంది. నాండ్ కాస్తా యాండ్ అయి కూర్చుంటుంది.

దీర్ఘచతురస్రపు గుర్తులు వాడే వర్క్‌షీట్లు కూడా కొన్ని వస్తాయి. యూరప్ నుంచి వచ్చిన కాగితాల్లో ఎక్కువ. అన్ని గేట్లకూ ఒకే పెట్టె, లోపల గుర్తు మాత్రమే వేరు. యాండ్‌కు &, ఆర్‌కు ≥1, ఎక్స్-ఆర్‌కు =1. వాటిలో అయితే గొడవ ఉండదనుకుంటారు. ఫొటో కాస్త కదిలితే ≥ కూ = కూ తేడా తెలియదు. అంటే అక్కడ కూడా చిక్కు మళ్లీ ఆర్, ఎక్స్-ఆర్ మధ్యనే.

సరే, నా ముందున్న స్థితి ఇది. పై గేటు యాండ్ కావచ్చు, నాండ్ కావచ్చు. కింది గేటు ఆర్ కావచ్చు, ఎక్స్-ఆర్ కావచ్చు. మొత్తం నాలుగు వలయాలు. అబ్బాయిని మళ్లీ ఫొటో తీయమనవచ్చు. కానీ ఆ నాలుగో వరుస నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. నాలుగు వలయాలకూ Q లెక్క వేసి పక్కపక్కన రాశాను. ఒకటోది యాండ్, ఆర్. రెండోది నాండ్, ఆర్. మూడోది యాండ్, ఎక్స్-ఆర్. నాలుగోది నాండ్, ఎక్స్-ఆర్.

```
A B C | 1 2 3 4
0 0 0 | 0 0 0 0
0 0 1 | 0 1 0 1
0 1 0 | 0 1 0 1
0 1 1 | 0 1 0 0
1 0 0 | 0 0 0 0
1 0 1 | 0 1 0 1
1 1 0 | 1 0 1 0
1 1 1 | 1 0 0 0
```

ఇప్పుడు వర్క్‌షీట్‌లో అచ్చయిన రెండు వరుసలను దీనితో పోల్చండి. మొదటి వరుసలో 0 ఇచ్చారు. నాలుగు వలయాల్లోనూ అక్కడ 0 యే. ఆ వరుస మనకేమీ చెప్పదు. నాలుగో వరుసలో, అంటే A=0, B=1, C=1 దగ్గర, 1 ఇచ్చారు. అక్కడ 1 వచ్చేది ఒక్క రెండో వలయానికే. పై గేటు నాండ్, కింది గేటు ఆర్. తీర్పు వచ్చేసింది. ఫొటోలో పోయిన బబుల్ ఉందనీ, నాకు అనుమానం వచ్చిన అదనపు వంపు లేదనీ ఆ ఒక్క అంకె చెప్పింది.

ఈ పట్టికను ఇంకొంచెం సేపు చూద్దాం. ఆర్, ఎక్స్-ఆర్ రెండూ ఎక్కడ విడిపోతాయి? రెండు ఇన్‌పుట్లూ 1 అయినప్పుడు మాత్రమే. ఆర్ 1 ఇస్తుంది, ఎక్స్-ఆర్ 0 ఇస్తుంది. మన కింది గేటుకు ఇన్‌పుట్లు B, C. ఆ రెండూ 1 అయ్యే వరుసలు రెండున్నాయి, నాలుగోది, ఎనిమిదోది. కాబట్టి రెండు వరుసల్లో తేడా కనిపించాలి కదా? రెండో నిలువు వరుసనూ నాలుగో నిలువు వరుసనూ పోల్చి చూడండి. ఎనిమిదో వరుసలో రెండింటికీ 0 యే ఉంది. ఎందుకంటే అక్కడ A, B రెండూ 1. నాండ్ 0 ఇస్తుంది. చివరి యాండ్ గేటుకు ఒక పక్క 0 వస్తే, రెండో పక్క ఏది వచ్చినా లెక్కలేదు. కింది గేటులో ఉన్న తేడాను పై గేటు కప్పేసింది. అంటే పై గేటు నాండ్ అని తెలిసినా కూడా, కింది గేటు ఏదో చెప్పగలిగేది ఎనిమిదింటిలో ఒకే ఒక్క వరుస. ఆ ప్రశ్నపత్రం తయారు చేసిన వారెవరో సరిగ్గా దాన్నే నమూనాగా నింపి పెట్టారు. తెలిసి చేశారో, చేయి అలా పడిందో నాకు తెలియదు. తెలిసే చేశారని అనుకోవడం నాకిష్టం.

మరి వేరే వరుస ఇచ్చి ఉంటే? రెండో వరుసలో 1 ఇచ్చి ఉంటే, పై గేటు నాండ్ అని తేలేది, కింది గేటు సంగతి తేలేది కాదు. ఏడో వరుసలో 0 ఇచ్చినా అంతే. మీరు వర్క్‌షీట్ తయారు చేసేటప్పుడు నమూనా కోసం మొదటి వరుసను నింపే అలవాటుంటే ఒకసారి ఆలోచించండి. అన్నీ సున్నాలుండే వరుస చూడటానికి తేలిక, కానీ విద్యార్థి తన పొరపాటు తానే పట్టుకోవడానికి అది తరచూ పనికిరాదు.

ఇక పట్టిక నింపడం. దీని మీద ఎక్కువ సేపు గడపను, మీకు తెలిసినదే. ఒక్క విషయం మాత్రం. పిల్లలు అడ్డంగా నింపుతారు. ఒక వరుస తీసుకుని P, R, Q మూడూ కట్టి, తర్వాతి వరుసకు వెళతారు. అంటే ప్రతి వరుసలో నాండ్ నుంచి ఆర్‌కు, ఆర్ నుంచి యాండ్‌కు బుర్ర మారుతుండాలి. నాలుగైదు వరుసలయ్యేసరికి నాండ్ చోట యాండ్ వేసేస్తారు. నిలువుగా నింపితే ఈ గొడవ ఉండదు. P నాండ్ కాబట్టి A, B రెండూ 1 ఉన్న వరుసలు వెతకాలి. అవి చివరి రెండు. అక్కడ 0 వేసి, మిగిలిన ఆరింటిలో కళ్లు మూసుకుని 1 వేయవచ్చు. R ఆర్ కాబట్టి B, C రెండూ 0 ఉన్న వరుసలు వెతకాలి. అవి ఒకటి, ఐదు. అక్కడ 0, మిగతావి 1. Q కోసం ఇక A, B, C ల వైపు చూడనక్కర్లేదు. P, R లను మాత్రమే చూడాలి.

```
A B C | P R Q
0 0 0 | 1 0 0
0 0 1 | 1 1 1
0 1 0 | 1 1 1
0 1 1 | 1 1 1
1 0 0 | 1 0 0
1 0 1 | 1 1 1
1 1 0 | 0 1 0
1 1 1 | 0 1 0
```

ఏమండీ, ఆ పక్కనుంచి మేడమ్ ఏదో అడుగుతున్నారు. చెప్పండి మేడమ్. ఆఁ, గీతలు కలిసే చోట చుక్క గురించి. మంచి ప్రశ్న. B గీత నుంచి కొమ్మ విడిపోయే చోట చుక్క ఉండాలి. ఫొటోలో ఆ చుక్క కనిపించకపోతే ఏం చేయాలి అంటున్నారు. ఒక గీత వచ్చి ఇంకో గీతను తాకి అక్కడే ఆగిపోతే, మూడు కొసలే ఉంటాయి కాబట్టి, అది కలయికే. ఆగిపోయిన గీతకు వేరే గతి లేదు. ఇక్కడ B సంగతి అదే, అందుకే నాకు అనుమానం రాలేదు. నాలుగు కొసలుంటేనే చిక్కు. ఒకదాన్నొకటి దాటిపోతున్న గీతల మీద చుక్క ఉంటే కలిసినట్టు, లేకపోతే కలవనట్టు. ఫొటోలో అది చుక్కో, రెండు నల్లగీతలు దాటుకోవడం వల్ల వచ్చిన మందమో చెప్పలేం. మీరు గీసేటప్పుడు నాలుగు కొసల కలయిక అసలు పెట్టకండి. కొంచెం జరిపి రెండు మూడుకొసల కలయికలుగా గీయండి. అప్పుడు దాటుకునే చోట్ల ఎప్పుడూ కలయిక ఉండదని పిల్లలకు ధైర్యంగా చెప్పవచ్చు.

ఇప్పుడు రెండో భాగం, సమీకరణం. పట్టిక సరిగా నింపాక అబ్బాయి సమీకరణం రాసి, ఆ కాగితాన్నీ ఫొటో తీసి పంపాడు. బోర్డు మీద నేను పైగీత బదులు అక్షరం పక్కన ' గుర్తు పెడతాను, కారణం మీకే తెలుస్తుంది. అతను రాసింది నాకు ఇలా కనిపించింది:

```
Q = A'·B'·(B + C)
```

కావలసింది ఇది:

```
Q = (A·B)'·(B + C)
```

కాగితం మీద ఈ రెండింటికీ తేడా ఎంతో తెలుసా? A మీద ఒక గీత, B మీద ఒక గీత విడివిడిగా ఉంటే మొదటిది. ఒకే పొడుగు గీత రెండింటి మీదుగా ఉంటే రెండోది. మధ్యలో మిల్లీమీటరు సందు. బాల్ పెన్ను చేతిలో ఒక్క క్షణం లేచిందా లేదా అన్నంతే. అతను ఏది రాశాడో ఫొటో చూసి తేల్చలేకపోయాను. ఫోను చేసి అడిగాను. "ఏదైనా ఒకటే కదా సార్" అన్నాడు. అదీ అసలు సంగతి. ఫొటో మసక కాదు, భావమే మసక.

ఒకటి కాదని చూపించడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు, ఒక్క వరుస చాలు. అచ్చయిన ఆ నాలుగో వరుసనే తీసుకోమన్నాను. A=0, B=1. A' అంటే 1, B' అంటే 0. గుణిస్తే 0. అక్కడితో Q కూడా 0. కాగితం మీద 1 ఉంది. కుదరలేదు. రెండో రూపంలో A·B అంటే 0, దాన్ని తిరగేస్తే 1. B+C అంటే 1. Q కు 1 వచ్చింది. విడివిడి గీతలతో మొత్తం పట్టిక కడితే ఒకే ఒక్క వరుసలో, 001 దగ్గర మాత్రమే 1 మిగులుతుంది. మనకు రావలసినవి నాలుగు.

రెండు పదాల మీది పొడుగు గీతను మధ్యకు తెంచితే, కింద ఉన్న చుక్క కూడా మారి కూడిక గుర్తు కావాలి. (A·B)' అంటే A' + B'. డి మోర్గన్ సూత్రం. సీబీఎస్ఈ పదకొండో తరగతి కంప్యూటర్ సైన్స్ పాఠ్యాంశంలో ఈ పేరు ఉంది. పిల్లలు ఆ పేరు వినగానే ఎక్కడో లండన్ పెద్దమనిషి అనుకుంటారు. పాఠాలు చెప్పింది లండన్‌లోనే, పుట్టింది మాత్రం మన పొరుగున మధురైలో, 1806లో. తండ్రి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసేవాడు. పసితనంలోనే కుటుంబం ఇంగ్లండ్ వెళ్లిపోయింది, మధురై జ్ఞాపకమేదీ ఆయనకు ఉండి ఉండదు. అయినా తరగతిలో ఆ మాట చెబితే వెనక బెంచీలో కూడా తల లేస్తుంది. నేను చాలాసార్లు వాడుకున్నాను.

డి మోర్గన్‌ను వాడి సమీకరణాన్ని విప్పుదాం. ఈ భాగం వర్క్‌షీట్‌లో అడగలేదు. కానీ విప్పితేనే ఈ వలయం అసలు ఏం చేస్తోందో కనిపిస్తుంది.

```
Q = (A' + B')·(B + C)
  = A'·B + A'·C + B'·B + B'·C
  = A'·B + A'·C + B'·C
  = A'·B + B'·C
```

B'·B ఎప్పుడూ 0, అది పోయింది. చివరి మెట్టులో A'·C ని కూడా తీసేశాను. దేనికి? A'·C వల్ల 1 వచ్చే వరుసలు రెండు, 001, 011. మొదటిది B'·C లో ఉంది, రెండోది A'·B లో ఉంది. కొత్తగా తెచ్చేదేమీ లేదు. బీజగణితం నచ్చని పిల్లలకు పట్టికలో ఆ రెండు వరుసల మీద వేలు పెట్టి చూపితే చాలు.

ఇప్పుడు మిగిలిన దాన్ని మాటల్లో చదవండి. B విలువ 1 అయితే రెండో ముక్క పోతుంది, Q అంటే A'. B విలువ 0 అయితే మొదటి ముక్క పోతుంది, Q అంటే C. అంటే B ఒక మీట. ఒక వైపు వేస్తే A తిరగబడి బయటికి వస్తుంది, ఇంకో వైపు వేస్తే C ఉన్నదున్నట్టు బయటికి వస్తుంది. మల్టీప్లెక్సర్ అంటారే, దాని చిన్న తమ్ముడు. ఇది తెలిశాక ఆ పట్టికను లెక్క వేయకుండానే నింపవచ్చు. B=0 ఉన్న వరుసలు ఒకటి, రెండు, ఐదు, ఆరు. వాటిలో C ని కాపీ చేయండి: 0, 1, 0, 1. B=1 ఉన్న వరుసలు మూడు, నాలుగు, ఏడు, ఎనిమిది. వాటిలో A ని తిరగేసి రాయండి: 1, 1, 0, 0. ముందు కట్టిన పట్టికతో సరిపోతుంది. ఇది అబ్బాయికి చెప్పినప్పుడు ఫోనులో కాసేపు చప్పుడు లేదు. తర్వాత "మరి ముందే చెప్పొచ్చు కదా సార్" అన్నాడు. (నవ్వులు)

ఒక జాగ్రత్త చెప్పాలి. పరీక్షల్లో సూక్ష్మీకరణ చేయమని అడగకపోతే చేయకూడదు. కేంబ్రిడ్జి ఐజీసీఎస్ఈ పేపర్లలో ఇచ్చిన వాక్యానికి వలయం గీయమంటూ, సూక్ష్మీకరించవద్దనీ, ఒక్కో గేటుకు ఇన్‌పుట్లు రెండుకు మించకూడదనీ స్పష్టంగా రాస్తారు. అక్కడ A'·B + B'·C గీస్తే, పట్టిక ఒకటే అయినా అడిగిన వలయం అది కాదు. మార్కులు పోతాయి. పట్టిక ఒకటే అయినంత మాత్రాన వలయం ఒకటే కాదు.

మూడో భాగం, నాండ్ గేట్లతోనే గీయమన్నది. ఇక్కడ చాలామంది A'·B + B'·C నుంచి మొదలుపెడతారు. A ని తిరగేయడానికి ఒక నాండ్, B ని తిరగేయడానికి ఒకటి, రెండు ముక్కలకు రెండు, కలపడానికి ఒకటి, మొత్తం ఐదు. తప్పేమీ కాదు. కానీ విప్పకముందు రూపాన్ని చూడండి. P ని (B+C) తో గుణించడమంటే P·B + P·C. P మన మొదటి నాండ్ గేటులోంచే వస్తోంది. దానితో:

```
P = (A·B)'
S = (P·B)'
T = (P·C)'
Q = (S·T)'
```

నాలుగే నాండ్ గేట్లు. ఇక్కడ సూక్ష్మీకరించిన రూపం కన్నా మొదటి రూపమే చవకైంది. తక్కువ పదాలుంటే తక్కువ గేట్లు అవుతాయన్న నమ్మకం ప్రతిసారీ నిలవదు. నాలుగు అన్న అంకెకు ఇంకో విలువ కూడా ఉంది. ప్రయోగశాలల్లో ఉండే 7400 చిప్పులో రెండు ఇన్‌పుట్ల నాండ్ గేట్లు సరిగ్గా నాలుగు. బొమ్మలో ఉన్నది ఉన్నట్టు కట్టాలంటే నాండ్‌కు 7400, ఆర్‌కు 7432, యాండ్‌కు 7408, మూడు చిప్పులు కావాలి. ఇలా కడితే ఒక్కటే చాలు.

అబ్బాయి దీన్ని కట్టి చూడాలనుకున్నాడు. వాళ్ల అన్నయ్య పాలిటెక్నిక్, ఇంట్లో బ్రెడ్‌బోర్డు, పాత 7400 చిప్పు ఉన్నాయి. 14వ కాలుకు 5 వోల్టులు, 7వ కాలు భూమికి. A, B లు 1, 2 కాళ్లకు, P మూడో కాలు నుంచి. 4, 5 కాళ్లకు P, B ఇస్తే S ఆరో కాలు నుంచి. 9, 10 కాళ్లకు P, C ఇస్తే T ఎనిమిదో కాలు నుంచి. S, T లను 12, 13కు ఇస్తే Q పదకొండో కాలు దగ్గర. అక్కడ నిరోధకంతో ఒక ఎల్ఈడీ.

ఈ కట్టడంలో పట్టిక చెప్పని విషయం ఒకటి ఉంది. A=1, C=0 పెట్టి B ని 0 నుంచి 1కి మార్చండి. పట్టిక ప్రకారం ఐదో వరుస నుంచి ఏడో వరుసకు వెళ్లాం, రెండు చోట్లా Q విలువ 0. కాబట్టి ఏమీ జరగకూడదు. కానీ B మారిన వార్త రెండో గేటుకు నేరుగా అందుతుంది, P ద్వారా అందాల్సిన వార్త ఒక గేటు ఆలస్యంగా వస్తుంది. ఈ రకం గేటుకు ఆ ఆలస్యం సుమారు 10 నానోసెకన్లు. అంతసేపు P ఇంకా 1 గానే ఉంటుంది, B అప్పటికే 1. S ఒక్క క్షణం 0 అవుతుంది, Q ఒక్క క్షణం 1కి లేచి పడుతుంది. ఎల్ఈడీ మీద కంటికి కనిపించదు. కానీ ఆ Q ని ఏదైనా లెక్కపెట్టే వలయానికి ఇస్తే, లేని అంకె ఒకటి లెక్కలోకి వచ్చే ప్రమాదముంది. ట్రూత్ టేబుల్ కుదురుకున్న తర్వాతి విలువలను చెబుతుంది, ఒక వరుస నుంచి ఇంకో వరుసకు వెళ్లే దారిలో ఏమవుతుందో చెప్పదు.

మర్నాడు సాయంత్రం ఇంకో ఫొటో వచ్చింది. బ్రెడ్‌బోర్డు, తీగలు, వెలుగుతున్న ఎర్ర ఎల్ఈడీ. "సార్, మూడూ 0 పెట్టినా లైటు వెలుగుతోంది. చిప్పు పోయిందా?" ఈసారి నేను తొందరపడలేదు. ఎనిమిది వరుసలూ వేసి రాసి పంపమన్నాను. పంపాడు. ఆరు వరుసలు సరిపోయాయి. మొదటి వరుస, ఐదో వరుస మాత్రం 0 కు బదులు 1 చూపిస్తున్నాయి. రెండింటిలోనూ B=0, C=0. B=0 అంటే మీట C వైపు ఉంది, బయటికి C రావాలి. రావలసింది 0, వస్తున్నది 1. అంటే చిప్పుకు C ఎప్పుడూ 1 గానే అందుతోంది. పాత టీటీఎల్ రకం చిప్పుల్లో దేనికీ తగలకుండా వదిలేసిన ఇన్‌పుట్ మామూలుగా 1 లాగే ప్రవర్తిస్తుంది. తర్వాత వచ్చిన 74HC00 లాంటి సీమాస్ రకమైతే తప్పు కూడా ఇంత క్రమంగా రాదు, చేయి దగ్గరికి తెస్తే ఒకలా, తీస్తే ఒకలా ఉంటుంది.

"పదో కాలు దగ్గర C తీగ చూడు, కదులుతోందేమో" అన్నాను. ఫోను పక్కన పెట్టిన చప్పుడు వినిపించింది. తీగ పక్క రంధ్రంలో ఉందట. ముందు రోజు రాత్రి నాలుగు వలయాల మధ్య ఏ తేడా చెప్పలేకపోయిందని నేను తీసిపారేసిన మొదటి వరుసే, తీగ తప్పిన సంగతిని మొట్టమొదట బయటపెట్టింది. అన్నీ సున్నాలుండే వరుస గురించి ఇందాక నేనన్న మాటను ఆ మేరకు వెనక్కి తీసుకుంటున్నాను.